మూడుసార్లు బిగించిన ప్యాంటు

మా వీధి కటింగ్ మాస్టరుకు ఒక పిచ్చి ఉండేది. ఎవరి ప్యాంటు కత్తిరించినా వెనక కుట్టు దగ్గర లోపల ఒకటిన్నర అంగుళం గుడ్డ వదలాల్సిందే. పెళ్ళికొడుకైనా సరే, బక్కపలచటి గుమాస్తా అయినా సరే. "మనిషి ఒళ్ళు ఒక్క తీరుగా ఉంటుందా వదినగారూ? ఇవాళ తగ్గుతుంది, రేపొస్తుంది. వచ్చినప్పుడు విప్పుకోడానికి లోపల గుడ్డ లేకపోతే ఇంక ఆ ప్యాంటు ఎందుకు?" అనేవాడు. గుడ్డ మిగుల్చుకోవాలని లోపలంతా కత్తిరించేసే దర్జీలంటే ఆయనకు ఒళ్ళుమంట. వాళ్ళకు మనిషి మీద నమ్మకం లేదనేవాడు.

ఆయన కొట్టుకు ఎదురుగా నేను దారాలు, బొత్తాలు, లైనింగు గుడ్డ అమ్ముతాను. నా నోరు మంచిది కాదని వీధిలో పేరు. అది అబద్ధమేం కాదు. కానీ కళ్ళు మంచివే. రోజూ పొద్దున్న తలుపు తీసింది మొదలు ఎదురింటివాళ్ళు ఏం చేస్తున్నారో చూడటం తప్ప దారాల కొట్టులో పనేముంటుంది? అన్నీ చూసిన కళ్ళకు కూడా ఆ మనిషి ఏమైపోతున్నాడో కనపడలేదు. ఎందుకు కనపడలేదో చెప్పడానికే ఇదంతా.

ముందు ఆ ఇల్లు ఎలాంటిదో చెప్పాలి. ముందు గది కొట్టు. గోడ వారన కటింగ్ బల్ల, దాని పక్కన రెండు మిషన్లు. వెనక గది, వంటిల్లు, అంతే. మాస్టరు కత్తిరిస్తాడు, కుడతాడు. ఆయన భార్య కాజాలు తీస్తుంది, బొత్తాలు కుడుతుంది, అంచులు మడుస్తుంది, పాత బట్టలు బిగించడం, వదులు చేయడం చూసుకుంటుంది. ఆమె కాజా తీస్తే దారం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. అందుకే ఆమె పేరు అందరూ మరిచిపోయి కాజాలమ్మ అంటారు. నన్ను అక్కా అంటుంది. వాళ్ళకొక ఆడపిల్ల, హైస్కూల్లో చదువుతోంది. ఇంకా మాస్టరు తల్లి ఉండేది. వాకిట్లో కుర్చీ వేసుకుని, వచ్చేవాళ్ళనూ పోయేవాళ్ళనూ సమానంగా తిట్టేది.

అత్తాకోడళ్ళకు ఉప్పూనిప్పూ. ఆ ఇంట్లో మిషన్లు ఆగిన రోజులున్నాయి గానీ వాళ్ళ నోళ్ళు ఆగిన రోజు లేదు. అలాంటిది ఆ ముసలావిడ పోయినప్పుడు కాజాలమ్మ ఏడ్చిన ఏడుపు చూసి వీధి వీధంతా నోరు వెళ్ళబెట్టింది. నెత్తీనోరూ కొట్టుకుని ఏడ్చింది. కర్మకాండలు అయిపోయాయి, చుట్టాలు వెళ్ళిపోయారు, ఆమె ఏడుపు మాత్రం పోలేదు. కాజా తీస్తూ తీస్తూ కుర్చీ వైపు చూసి ముక్కు చీదేది. కొలతలివ్వడానికి ఒక ముసలమ్మ వస్తే ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చేది.

మాస్టరు ఏడవలేదు. ఆ రోజు కూడా వచ్చినవాళ్ళకు కుర్చీలు వేశాడు, అడిగినవాళ్ళకు జవాబు చెప్పాడు. మర్నాటి నుంచి మామూలుగా కొట్టు తెరిచాడు. వీధి చివర ఇస్త్రీ ఆయన అందరికీ చెప్పుకొచ్చాడు: "అబ్బ, ఏం గుండె దిటవు! మగాడంటే మా మాస్టరు. కన్నతల్లి పోయినా కంట తడి లేదు." మేమూ తలూపాం. ఏడ్చేవాళ్ళకు బాధ ఉంటుంది, ఏడవనివాళ్ళకు ధైర్యం ఉంటుంది. మా లెక్క అది. ఎంత మంచి లెక్కో చూడండి.

ఇక పనిలో ఏం జరిగిందంటే, ఆయన కొంచెం నెమ్మదించాడు. సుద్ద పట్టుకుని గుడ్డ మీదకు వంగి అలాగే నిలబడేవాడు. గీత గీసేవాడు, చెరిపేవాడు. నేనే ఒకసారి రోడ్డు దాటి వెళ్ళి, "ఏంటి మాస్టారూ, గుడ్డకి ముహూర్తం పెడుతున్నారా?" అన్నాను. మామూలుగా అయితే ఆ మాటకు మూడు మాటలు వడ్డించేవాడు. అప్పుడు నా మొహం చూసి, "ఎక్కడ మొదలెట్టాలో తెలీట్లేదు వదినగారూ," అన్నాడు. నేను నవ్వాను. మా వ్యాపారంలో పెళ్ళిళ్ళు అయిపోయాక కొన్నాళ్ళు అందరం అంతే. చేతులు బరువు, కాళ్ళు బరువు, మనసు మందం. మళ్ళీ గుడ్డలు రావడం మొదలైతే అందరం దులుపుకుంటాం. ఏటా చూసేదే కదా అనుకున్నాను.

గుడ్డలు వచ్చాయి. ఆయన దులుపుకోలేదు. ఒకాయన చొక్కాకు రెండు చేతులూ ఎడమవే కత్తిరించాడు. కాజాలమ్మ కంగారుపడి వేరే గుడ్డ తెప్పించి సరిచేసింది. తల్లి దిగులు, పాపం లోపల్లోపల పడుతున్నాడు అని సర్దిచెప్పింది. అప్పటినుంచి కత్తెర ఎక్కువగా ఆమే పట్టుకునేది. "ఆయనకి కొంచెం రెస్టు ఇద్దాం అక్కా," అంది. ఆయన మిషను దగ్గర కూర్చుని తిన్నటి కుట్లు వేసేవాడు, లేకపోతే వేసేవాడే కాదు.

ఇక అసలు సంగతి. ఆయన తిండి తగ్గింది. తిండి తగ్గితే మనిషి తగ్గుతాడు. మనిషి తగ్గితే ప్యాంటు జారుతుంది. ప్యాంటు జారితే మామూలు ఇళ్ళలో ఏమవుతుంది? బెల్టుకు కొత్త చిల్లు పడుతుంది. చొక్కా హేంగరుకు వేలాడినట్టు వేలాడుతుంది. చూసినవాళ్ళు "అయ్యో, ఏంటిలా చిక్కిపోయావు?" అంటారు. పదిమంది అంటే ఎవరో ఒకరు డాక్టరు దగ్గరికి లాక్కెళ్తారు. కానీ అది దర్జీ ఇల్లు. భర్త ప్యాంటు లూజైతే కాజాలమ్మ ఊరుకుంటుందా? ఆమె పనే అది. విప్పింది, లోపలికి పట్టింది, కుట్టింది. చొక్కా పక్కలు కూడా పట్టింది. ఆయన పొద్దున్న కొట్టు ముందు నిలబడితే కొలిచి పోతపోసినట్టుండేది. కొన్నాళ్ళకు మళ్ళీ లూజైంది. మళ్ళీ పట్టింది. దర్జీ మొగుడు వదులు బట్టల్లో తిరిగితే కొట్టు పరువేం కావాలి? ఆమె చెయ్యి ఎంత మంచిదంటే, ఎదురుగా కూర్చుని రోజంతా చూసే నాకు కూడా ఆ మనిషి సగం అయిపోయాడని తెలియలేదు. కరిగిపోతున్న మనిషిని బట్టలే దాచేశాయి.

ఈలోగా వీధి అంతా కాజాలమ్మ గురించే దిగులుపడింది. మూడు నెలలయినా ఏడుపు ఆగలేదు, ఏదైనా మనసు జబ్బేమో, డాక్టరుకు చూపించండి అని అందరూ అన్నారు. గట్టిగా అన్నది నేనే. పక్క వీధిలో చిన్న ఆసుపత్రి ఉంది. అక్కడి డాక్టరమ్మ నెమ్మదస్తురాలని పేరు. ఒక రోజు పొద్దున్నే కొట్టుకు తాళం వేసి బయల్దేరాం. నేను, కాజాలమ్మ, తోడుగా మాస్టరు. ఆయనను రమ్మన్నది ఎందుకంటే, ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు తిరిగి పడిపోతే పట్టుకోవడానికి.

బయట పొడవాటి బల్ల మీద మాస్టరు కూర్చున్నాడు. మేమిద్దరం లోపలికి వెళ్ళాం. డాక్టరమ్మ కాజాలమ్మను చాలాసేపు మాట్లాడనిచ్చింది. ఆ తర్వాత ఒక్కొక్కటిగా అడిగింది.

"ఏడుపు ఎప్పుడెప్పుడొస్తుందమ్మా?"

"ఆవిడ కుర్చీ చూస్తే వస్తుందండీ. ఆవిడలా దగ్గేవాళ్ళొస్తే వస్తుంది."

"మిగతా టైములో?"

"పని చేసుకుంటా. పని ఉంటుంది కదండీ."

"నవ్వొస్తుందా ఎప్పుడైనా?"

కాజాలమ్మ తప్పు చేసినదానిలా నా వైపు చూసింది. "మా పిల్ల ఆవిడలాగే నడుం మీద చెయ్యేసుకుని తిట్టి చూపిస్తుందండీ. అప్పుడు ఏడుస్తా ఏడుస్తానే నవ్వేస్తా."

"తింటున్నారా?"

"తింటున్నానండీ. ఏడ్చాక ఆకలి ఇంకా ఎక్కువేస్తుంది."

నేను కిసుక్కుమన్నాను. డాక్టరమ్మ కూడా నవ్వింది. "ఎవరి మీదైనా కోపం ఉందా? మీ మీద మీకే కోపమా?"

"నా మీద నాకెందుకండీ? ఆవిడ మీదే. చివరి మాట కూడా నన్ను అననివ్వకుండా పోయింది. ఎప్పుడూ అంతే, చివరి మాట తనదే."

డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టింది. "అమ్మా, మీది దుఃఖం. జబ్బు కాదు. ఇన్నేళ్ళు పోట్లాడుకున్న మనిషి పోతే ఇల్లు బోసిపోదూ? ఇది అలలాగా వస్తుంది, పోతుంది. మధ్యమధ్య మీరు తింటున్నారు, నవ్వుతున్నారు, పని చేసుకుంటున్నారు. పోనుపోను అలల మధ్య ఖాళీ పెరుగుతుంది. దీనికి మందు అక్కర్లేదు, మనుషులు కావాలి. ఒకవేళ రోజుల తరబడి పొద్దస్తమానం వదలకుండా పట్టుకుందనుకోండి, తిండి, నిద్ర, పని చెడ్డాయనుకోండి, బతుకు మీదే ఆశ పోయిందనుకోండి, అప్పుడు మాత్రం వెంటనే రావాలి." నాకు పెద్ద బరువు దిగింది. లేవబోతుంటే ఆమె, "నిద్ర సంగతి ఇంట్లోవాళ్ళని కూడా అడుగుతాను, మీవారిని పిలవండి," అంది.

మాస్టరు వచ్చి గుమ్మం పక్కన నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చున్నాడు.

"ఈవిడ రాత్రిళ్ళు బాగా నిద్రపోతున్నారా?"

"పోతుందండీ," అన్నాడు. చాలా నెమ్మదిగా, ఒక్కో మాటా బావిలోంచి తోడినట్టు. "పడుకోగానే పట్టేస్తుంది. మధ్యలో ఒకసారి పక్కకి తిరుగుతుంది. మూడింటప్పుడు మంచినీళ్ళకి లేస్తుంది, మళ్ళీ పడుకుంటుంది. తెల్లారేదాకా మెలకువ రాదు."

"మీకెలా తెలుసు?"

"చూస్తుంటా కదండీ."

డాక్టరమ్మ కుర్చీ ఆయన వైపు తిప్పింది. "మీరు నిద్రపోరా?"

"కొంచెంసేపు పోతానండీ. మెలకువొచ్చేస్తుంది. ఇంక పట్టదు."

"అమ్మగారు పోయినప్పటి నుంచా?"

ఆయన ఆలోచించాడు. ఎంతసేపు ఆలోచించాడంటే ఆ ప్రశ్న మరిచిపోయాడేమో అనిపించింది. "అంతకుముందు నుంచేనండీ. అమ్మ ఉన్నప్పుడే మొదలైంది."

కాజాలమ్మ తల తిప్పి ఆయనను చూసింది. అంతమంది తల్లి దిగులు, తల్లి దిగులు అంటుంటే ఆయన ఎన్నడూ కాదనలేదు.

"పని మీద ఇష్టం ఉందా?"

"గుడ్డ పట్టుకుంటే గుడ్డలా లేదండీ. తింటే తిన్నట్టు లేదు. పిల్ల నవ్విస్తుంది, నవ్వాల్సిన చోటే అని తెలుస్తుంది. అంతే."

"రోజులో ఎప్పుడైనా కాస్త బాగుంటుందా?"

"లేదండీ. పొద్దున్నే మరీ ఎక్కువ. సాయంత్రానికి ఒక పిసరు తేలిక."

"ఏడుపొస్తుందా?"

"రాదండీ. వస్తే బాగుండు." తనంతట తనే అన్నాడు. "నా తప్పేనండీ. దేనికీ పనికిరాను. రెండు చేతులూ ఎడమవే కత్తిరించినవాణ్ణి. వీళ్ళకి బరువైపోయాను."

"ఏంటండీ ఆ మాటలు!" అని కాజాలమ్మ అరిచినంత పని చేసింది. డాక్టరమ్మ చేత్తో ఆమెను ఆపి, ఆయనను బరువు తూచే మిషను ఎక్కించింది. ముల్లు చూసి, "అంతకుముందు ఎంత ఉండేవారు?" అని అడిగింది.

"కేజీలు మాకు తెలీదండీ," అంది కాజాలమ్మ. "కొలతలు తెలుసు. నడుము ముప్పై ఆరు. కొత్తగా కుట్టుకున్నప్పుడు ముప్పై ఆరే. మొదటిసారి పట్టినప్పుడు ముప్పై నాలుగున్నర. తర్వాత ముప్పై మూడు. మొన్న…"

ఆమె ఆగిపోయింది. రోజుకు పాతికమంది కొలతలు నోటికి అప్పజెప్పే మనిషి, ఆ ఒక్క అంకె దగ్గర ఆగిపోయింది. "ముప్పై ఒకటి," అంది. తన నోట్లోంచి వచ్చిన మాట తన చెవుల్లో పడినట్టుంది. ఆయన ప్యాంటు వైపు, అంత చక్కగా కుదిరిన ప్యాంటు వైపు చూస్తూ నిలబడిపోయింది.

డాక్టరమ్మ మమ్మల్నిద్దరినీ బయట కూర్చోమని చెప్పి తలుపు మూసింది.

బల్ల మీద కూర్చున్నాక కాజాలమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. ఆ రోజు ఆమె చెప్పిన మాట నేను చచ్చేదాకా మరిచిపోలేను.

"అక్కా, మూడోసారి పట్టినప్పుడు లోపల గుడ్డ ఎక్కువైపోయింది. ఉండకట్టి నడుం దగ్గర పొడుచుకుంటోంది. ఏం చెయ్యమంటారండీ అని అడిగా. కత్తిరించెయ్ అన్నాడు."

నేను ఆమె వైపు తిరిగాను.

"ఆయనే అన్నాడక్కా. ఎవరైనా లోపల గుడ్డ కత్తిరిస్తే కొట్టులోంచి గెంటేసేవాడు. కత్తిరించెయ్, ఇంక దానితో పనేముంది అన్నాడు. నేను మంచిదే కదా, మొండితనం తగ్గిందనుకున్నా. కత్తిరించి చెత్తలో పడేశా."

ఇరవై ఏళ్ళుగా ఆ మనిషికి దారం అమ్ముతున్నాను. ఒంటికి మళ్ళీ కండ పడుతుందని నమ్మిన మనిషి ఆయన. అందరి ఒంటికీ. ఆ నమ్మకం పోయిన రోజు అది. ఆ రోజే ఆయన నోరు తెరిచి చెప్పాడు కూడా. మన భాషలోనే, దర్జీ భాషలోనే చెప్పాడు. కానీ విన్నామె చేతిలో కత్తెర ఉంది, కత్తిరించింది. ఇందులో ఆమెను ఏమనగలం?

తలుపు తెరిచేసరికి డాక్టరమ్మ మొహం మారిపోయి ఉంది. మాస్టరు తల వంచుకుని అలాగే కూర్చుని ఉన్నాడు. ఆమె ఆయన ముందే, ఆయనను అడిగే, మాతో చెప్పింది. చచ్చిపోవాలన్న ఆలోచన ఆయనకు చాలా రోజులుగా ఉంది. ఎలాగో కూడా ఆలోచించుకున్నాడు. ఆమె సూటిగా అడిగితే చెప్పాడు.

"అలా అడగొచ్చా అండీ?" అన్నాను నేను. "అడిగితే లేని ఆలోచన పుట్టదూ?"

"పుట్టదమ్మా. ఉన్నది బయటికొస్తుంది. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు కాబట్టే లోపలుండిపోయింది." తర్వాత కాజాలమ్మ వైపు తిరిగింది. "ఇది మీ దుఃఖంలాంటిది కాదు. ఇది డిప్రెషన్ అనే జబ్బు, ముదిరింది. గుండె దిటవు లేక వచ్చింది కాదు, ఉంటే పోయేది కాదు. రక్తపరీక్షలు కూడా చేయిస్తాను, థైరాయిడ్ లాంటివి కూడా ఒక్కోసారి ఇలాగే కనిపిస్తాయి. కానీ వాటి కోసం ఆగొద్దు. ఇవాళే పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి వెళ్ళాలి. నేను ఫోన్ చేస్తున్నా. అక్కడికి చేరేదాకా ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకండి."

ఎవరిని పట్టుకోవడానికి ఎవరిని తోడు తెచ్చామో చూడండి.

పెద్దాసుపత్రిలో కొన్ని రోజులు ఉంచుకున్నారు. తర్వాత మాత్రలిచ్చి, వారంవారం రమ్మని ఇంటికి పంపారు. అక్కడి డాక్టరు ఖచ్చితంగా చెప్పాడట: మందు పనిచెయ్యడానికి వారాలు పడుతుంది, మొదట్లో ఏం తేడా తెలీదు, తెలీలేదని మానొద్దు, బాగుందని కూడా మానొద్దు. మొదట ఒంట్లో కాస్త ఓపిక వస్తుంది, మనసు అప్పుడే తేరుకోదు, ఆ మధ్యకాలంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. మాత్రలు మీ దగ్గరే పెట్టుకుని మీ చేత్తోనే ఇవ్వండి, ప్రమాదం అనిపించే వస్తువులేవీ చేతికందనివ్వకండి.

దర్జీ ఇంట్లో ఈ చివరి మాట ఎలా పాటించాలి? మిగతావన్నీ కాజాలమ్మ మా ఇంటికి చేర్చింది. పెద్ద కత్తెర మాత్రం లేకపోతే పొయ్యి వెలగదు. దానికి తాడు కట్టి నడుముకు వేలాడదీసుకుంది. వంటింట్లోకి వెళ్ళినా, కుళాయి దగ్గరికి వెళ్ళినా అది ఆమె వెంటే.

మాస్టరు అది చూశాడు. నేను అక్కడే ఉన్నాను, జిప్పులు ఇవ్వడానికి వెళ్ళి. ఖాళీ బల్ల మీద చెయ్యి పెట్టి, ఆమె నడుము వైపు చూసి, "పోన్లే," అన్నాడు. "కత్తెర కూడా పోయింది." తిట్టినా బాగుండేది.

తర్వాత నెలలు ఎలా గడిచాయో చెప్పడానికి నాకు మాటలు రావు. మూడు వారాలయింది, ఏమీ లేదు. మోతాదు పెంచారు. నోరెండిపోతోందన్నాడు, చేతులు వణుకుతున్నాయన్నాడు, మనసు మాత్రం ఎక్కడిదక్కడే. మందు మార్చారు. మళ్ళీ మొదటి నుంచి వారాలు లెక్క. వారానికోసారి ఆసుపత్రిలో ఒకావిడ కూర్చోబెట్టి మాట్లాడించేది. వచ్చాక రెండు రోజులు మంచం దిగేవాడు కాదు. కాజాలమ్మ పగలంతా కుట్టేది, మధ్యమధ్య లేచి వెనక గదిలోకి చూసేది. పిల్ల బడి నుంచి వచ్చి తండ్రి పక్కన పుస్తకం పెట్టుకుని కూర్చునేది. నాయనమ్మను అనుకరించడం మానేసింది. నవ్వని మనిషి ముందు ఎన్నాళ్ళని నవ్విస్తుంది పిల్ల?

ఇస్త్రీ ఆయన ఊరుకుంటాడా? "ఆ మాత్రలు మత్తమ్మా, అలవాటు పడిపోతాడు. మానిపించి నాలుగు రోజులు ఎటైనా తిప్పుకురా. మనసు గట్టి చేసుకుంటే అదే పోతుంది," అన్నాడు. నేను రోడ్డు ఇవతలి నుంచే అందుకున్నాను. "నీ కాలు విరిగితే కట్టు కట్టించుకోవా, గట్టిగా పరిగెడతావా? మొన్న గుండె దిటవు అన్నదీ నువ్వే. నీ సర్టిఫికెట్లు చాలు." ఆయన మొహం మాడ్చుకుని పోయాడు. కానీ నిజం చెప్పాలంటే, ఆ రోజు కాజాలమ్మ కళ్ళల్లో కూడా ఆ ప్రశ్న చూశాను. వేసీ వేసీ ఏం లాభం అని. అయినా మర్నాడు పొద్దున్న మాత్ర చేతిలో పెట్టుకుని ఆయన ముందు నిలబడింది.

ఒక సాయంత్రం కొట్టు కట్టేసే ముందు నా దగ్గరికొచ్చి కూర్చుంది. "అక్కా, మా అత్త కుర్చీ చూస్తే ఇప్పుడు ఏడుపు రావట్లేదు," అంది. "ఆవిడ తిట్లు గుర్తొస్తే నవ్వొస్తోంది. డాక్టరమ్మ చెప్పినట్టే అయింది. నా ఏడుపుకి ఒడ్డుంది, నేను చేరాను. ఆయన ఎక్కడున్నాడో కూడా నాకు కనపట్టం లేదు." అని అప్పుడు ఏడ్చింది. అది అత్త కోసం కాదు.

చలి రోజులు వచ్చేసరికి ఆయన ఒంట్లో మాత్రం కొంచెం మార్పు వచ్చింది. నిద్ర ముందు వచ్చింది. తర్వాత తిండి. ఒళ్ళే ముందు తేరుకుంటుంది, మనసు వెనక వస్తుంది, రావడానికి ఇంకా చాలా కాలం పట్టొచ్చు, ఒక్కోసారి వెనక్కి కూడా పోవచ్చు అన్నాడట డాక్టరు. మనసు రాలేదు. ఆయన గోడకు ఆనుకుని కూర్చునేవాడు. అడిగితే జవాబు చెప్పేవాడు, అడగకపోతే లేదు. చచ్చిపోవాలనిపిస్తోందా అని కాజాలమ్మ రోజూ అడిగేది, డాక్టరు అడగమన్నాడు కాబట్టి. కొన్ని రోజులు అవుననేవాడు. కొన్ని రోజులు తెలీదనేవాడు.

ఒక రోజు ఆసుపత్రికి బయల్దేరుతుంటే ప్యాంటు నడుము దగ్గర పట్టలేదు. హుక్కు అందలేదు. కాజాలమ్మ సంతోషంతో పరుగున వచ్చి, "ఆగండి, క్షణంలో వదులు చేస్తా," అని ప్యాంటు తీసుకుని లోపలికి తిప్పింది. మూడోసారి వేసిన కుట్టు ఒక్కటే ఉంది. దాని అవతల ఏమీ లేదు. కుట్టు దాకా కత్తిరించి ఉంది. వదులు చెయ్యడానికి అంగుళం గుడ్డ లేదు. హుక్కుల కోసం కబురు పెడితే నేను వెళ్ళేసరికి ఆ ప్యాంటు ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. "నా చేత్తో కత్తిరించానక్కా," అంది. ఆయన గోడ వారన లుంగీలో కూర్చుని చూస్తున్నాడు. ఆ చూపులో ఏముందో నేను చెప్పలేను. ఏమీ లేదనిపించింది.

మర్నాడు కొత్త గుడ్డ తెచ్చింది. "మీరు కత్తిరిస్తారా? నేను పక్కనే ఉంటా," అని అడిగింది. ఆయన బల్ల దాకా వచ్చాడు, సుద్ద పట్టుకున్నాడు, చెయ్యి ఆడలేదు. "నావల్ల కాదు," అని వెళ్ళి కూర్చున్నాడు. ఆమే కత్తిరించింది. ఆమే కుట్టింది. కొత్త హుక్కులు పట్టుకుని నేను వెళ్ళేసరికి ఆయనకు తొడిగి చూస్తోంది. ఒంటికి సరిగ్గా ఉంది. ఆయన విప్పి, పాత అలవాటున, లోపలికి తిప్పి చూశాడు. వెనక కుట్టు దగ్గర లోపల రెండున్నర అంగుళాల గుడ్డ. ఆయన కూడా అంత వదలడు.

"ఇంతెందుకు?" అన్నాడు.

"మీరు నేర్పిందే కదండీ."

ఆయన బొటనవేలితో ఆ గుడ్డ పైనుంచి కిందికి తడిమాడు. "ఉండకట్టి పొడుచుకుంటుంది," అన్నాడు. ఆ తర్వాత చెయ్యి చాపాడు. "కత్తెరివ్వు."

కాజాలమ్మ నా మొహం చూసింది. నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను, ఎందుకో నాకే తెలీదు. ఆమె తాడు ముడి విప్పింది. విప్పడానికి చాలాసేపు పట్టింది. కత్తెర ఇచ్చి, ఇంకో చెయ్యి ఆయన మణికట్టు మీదే ఉంచింది.

ఆయన ఆ గుడ్డ అంచు కత్తెర రెండు రెక్కల మధ్య పెట్టాడు. అలాగే ఉన్నాడు. ఆ తర్వాత కత్తెర పక్కకు జరిపి, కింద అంచు దగ్గర వేలాడుతున్న దారపు పోగొకటి కత్తిరించాడు. కత్తెర తిప్పి, పిడి ఆమె వైపు పెట్టి ఇచ్చేశాడు.

"ఉండనీ," అన్నాడు.

అంతే. నవ్వలేదు, ఏడవలేదు. వెళ్ళి గోడ వారన మళ్ళీ కూర్చున్నాడు. రోజూ పొద్దున్న అడిగే ప్రశ్నే కాజాలమ్మ మళ్ళీ అడిగింది. తెలీదన్నాడు. ఆమె ప్యాంటు మడతపెట్టి బల్ల మీద ఉంచింది. కత్తెర మళ్ళీ తాడుకు ముడేసి నడుముకు కట్టుకుంది.